మెగాపిక్సెల్స్ పెరిగితే ఫోటో షార్ప్ అవుతుందా? క్లబ్ టాక్‌కి ఏం చెప్పాలి, ఏం చూపించాలి

ప్రశ్న: మా ఫోటోగ్రఫీ క్లబ్‌లో వచ్చే మీటింగ్‌కి నన్ను ఓ పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. టాపిక్ ఏంటంటే, మెగాపిక్సెల్స్ ఒక్కటే షార్ప్‌నెస్ డిసైడ్ చెయ్యవు అని. అది నిజమని నాకూ తెలుసు గానీ ఎందుకో చెప్పమంటే తడబడతా. వచ్చేవాళ్లలో సగం మంది కొత్తవాళ్లు, మిగతా సగం ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉన్న బాడీకి మారదామని చూస్తున్నవాళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: స్లైడ్లు తగ్గించి ఫోటోలు చూపించండి, అదీ మీరే తీసినవి. నేను ఈ టాపిక్ మీద మూడుసార్లు మాట్లాడాను, మొదటిసారి డిఫ్రాక్షన్ బొమ్మతో మొదలుపెట్టా, నాలుగో నిమిషానికే వెనక వరసవాళ్లు ఫోన్లు తీసేశారు. రెండోసారి నుంచి ఒక చిన్న పందెంతో మొదలుపెడుతున్నా, అది ఇంతవరకు ఫెయిలవ్వలేదు.

పందెం ఏంటంటే, స్క్రీన్ మీద పక్కపక్కన రెండు ముక్కలు పెట్టండి. రెండూ గోడకి అతికించిన ఒకే న్యూస్‌పేపర్ పేజీలోంచి, ఒకే చోట నుంచి కట్ చేసినవి. ఎడమవైపుది 12 మెగాపిక్సెల్స్, కుడివైపుది 24. "ఇందులో 24 ఏది?" అని అడగండి. దాదాపు అందరూ ఎడమవైపే చెయ్యి చూపిస్తారు, ఎందుకంటే 24 మెగాపిక్సెల్స్ ఫోటోని మీరు 1/15 సెకనుకి చేత్తో పట్టుకుని తీశారు, 12ది ట్రైపాడ్ మీద ఎఫ్/5.6లో తీసి తర్వాత కంప్యూటర్లో చిన్నది చేశారు. రెండూ ఒకే కెమెరా, ఒకే లెన్స్ అని అప్పుడు చెప్పండి. (ఎవరైనా తెలివైనవాళ్లు ఉంటే "పెద్ద ఫోటోని చిన్నది చేస్తే అసలు 12 మెగాపిక్సెల్ కెమెరాలో తీసినదానికంటే కొంచెం బాగుంటుంది కదా" అంటారు. కరెక్టే, ఒప్పేసుకోండి. సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ ఎరుపో ఆకుపచ్చో నీలమో ఒక్క రంగే కొలుస్తుంది, మిగతా రెండూ పక్కవాటిని చూసి లెక్కేసుకుంటుంది, చిన్నది చేసినప్పుడు ఆ అంచనా తప్పులు కొంత కలిసిపోతాయి. కానీ పందెంలో కనిపించే తేడా దానివల్ల వచ్చేంత చిన్నది కాదు.)

ఇప్పుడు అసలు మాట. సెన్సార్ ఫోటోని తయారుచెయ్యదు, లెన్స్ అప్పటికే తయారుచేసిన బొమ్మని గళ్లు గళ్లుగా కొలుస్తుందంతే. లోకంలో ఒక చుక్క ఉంటే లెన్స్ దాన్ని సెన్సార్ మీద చుక్కగా వెయ్యదు, ఒక చిన్న మరకలా వేస్తుంది. ఆ మరక ఎంత వెడల్పు ఉంటుందనేది లెన్స్ క్వాలిటీ, అపర్చర్, ఫోకస్, చెయ్యి వణుకు ఇవన్నీ కలిసి తేలుస్తాయి. ఆ మరక మీద మీరు ఎంత సన్నటి గళ్లు గీసినా మరక సన్నబడదు కదా. పలచగా పోసిన ముగ్గుని పెద్ద గళ్ల కాగితం మీద చూసినా చిన్న గళ్ల కాగితం మీద చూసినా గీత వెడల్పు అదే. ఈ ఒక్క మాట మనసులో పడితే మిగతా టాక్ అంతా దానంతట అదే నడుస్తుంది.

దీనికంటే ముందు ఒక నిమిషం అంకె గురించి చెప్పండి, ఎందుకంటే షాపింగ్ చేసేవాళ్లు పడేది అక్కడే. 24 మెగాపిక్సెల్స్ అంటే 6000 × 4000. 48 అనగానే రెట్టింపు అనుకుంటాం గానీ అది ఏరియా లెక్క, మన కంటికి కనిపించే డీటెయిల్ పొడుగు వెడల్పుల లెక్క. 48కి వెళ్తే ఒక్కోవైపు 1.4 రెట్లే పెరుగుతుంది. నిజంగా రెట్టింపు సన్నటి గీతలు కావాలంటే 96 మెగాపిక్సెల్స్ కావాలి. ఇది చెప్పాక హాల్లో ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది, నాకది ఇష్టం.

ఇక మరక లెక్క. భయపడకండి, బోర్డు మీద కొన్ని వరసలే. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, దాన్ని 6000తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ 0.006 మిల్లీమీటర్లు, అంటే 6 మైక్రాన్లు. అదే సైజు సెన్సార్లో 61 మెగాపిక్సెల్స్ అంటే ఒక్కోటి సుమారు 3.8 మైక్రాన్లు. కాగితం మీద చూస్తే రెండోది 1.6 రెట్లు సన్నంగా చూడగలగాలి. ఇప్పుడు లెన్స్ నుంచి, చెయ్యి నుంచి వచ్చే బ్లర్‌ని కూడా దీనికి కలపాలి, కానీ మామూలు కూడిక కాదు, ఒక్కోదాన్ని వర్గం చేసి కలిపి మళ్లీ వర్గమూలం తియ్యాలి. ఇది ఖచ్చితమైన సైన్స్ కాదు, ఉజ్జాయింపు లెక్క, కానీ ఫీల్డ్‌లో చూసేదానికి బాగా దగ్గరగా వస్తుంది.

మంచి లెన్స్, ట్రైపాడ్, ఎఫ్/5.6, ఫోకస్ సరిగ్గా ఉంది, మొత్తం బ్లర్ 4 మైక్రాన్లు అనుకుందాం:

```
24 MP : √(4² + 6²)   = 7.2
61 MP : √(4² + 3.8²) = 5.5
```

అంటే 7.2 నుంచి 5.5కి, సుమారు 30 శాతం లాభం. కాగితం మీద చెప్పిన 1.6 రెట్లు కాదు గానీ కంటికి కనిపించే తేడానే. ఇప్పుడు అదే లెన్స్, కానీ చెయ్యి కొంచెం కదిలి బ్లర్ 12 మైక్రాన్లయింది, అంటే 24 మెగాపిక్సెల్ కెమెరాలో సరిగ్గా రెండు పిక్సెల్స్ వెడల్పు, అంతే, వెనక చిన్న స్క్రీన్ మీద జూమ్ చెయ్యకుండా చూస్తే బాగానే ఉందనుకునేంత చిన్న కదలిక:

```
24 MP : √(12² + 6²)   = 13.4
61 MP : √(12² + 3.8²) = 12.6
```

లాభం 6 శాతం. కొత్త బాడీకి అంత పోసి కొన్నది ఆ రెండు పిక్సెల్స్ వణుకు తినేసింది. ఇంకో విషయం చూడండి, 61తో వణికి తీసిన ఫోటో 12.6, 24తో ట్రైపాడ్ మీద తీసింది 7.2. పాత కెమెరాయే గెలిచింది, దగ్గర్లో కూడా లేదు. వర్గాలు ఎందుకంత ముఖ్యమంటే, కలిపేవాటిలో పెద్దది ఏదో అదే మొత్తం ఫలితాన్ని శాసిస్తుంది, చిన్నదాన్ని ఇంకా చిన్నది చేసినా పెద్దగా ఒరిగేదేం ఉండదు. కాబట్టి ఎవరైనా "నా ఫోటోలు షార్ప్‌గా రావట్లేదు, ఏం కొనాలి" అంటే ముందు అడగాల్సింది నీ ఫోటోలో పెద్ద బ్లర్ ఏది అని.

నాకీ లెక్క తెలిసొచ్చింది ఖర్చు పెట్టాకే లెండి. 24 నుంచి ఎక్కువ మెగాపిక్సెల్స్ బాడీకి మారి, మొదటి నెల తీసిన ల్యాండ్‌స్కేప్‌లన్నీ పాతవాటిలాగే ఉంటే లెన్స్ చెడిపోయిందనుకుని సర్వీస్‌కి కూడా ఇచ్చా. తీరా చూస్తే, ట్రైపాడ్ మధ్య కర్రని కెమెరా ఊగేంతగా పూర్తిగా పైకి లాగి ఎఫ్/16లో పెట్టి తీస్తున్నా, "అంతా ఫోకస్‌లో ఉండాలి కదా" అని. రెండు తప్పులూ నావే.

ఎఫ్/16 సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే క్లబ్‌లో పాతవాళ్లు కూడా దీన్ని నమ్మరు. ఎఫ్/16 అంటే లెన్స్ రంధ్రం బాగా మూసినట్టు, అంత సన్నటి రంధ్రంలోంచి వెళ్లేటప్పుడు వెలుగు అంచుల దగ్గర విచ్చుకుంటుంది, దాన్నే డిఫ్రాక్షన్ అంటారు, లోకంలో అన్నిటికంటే ఖరీదైన లెన్స్‌కి కూడా ఇది తప్పదు. ఆకుపచ్చ వెలుగుకి ఆ మరక వ్యాసం ఎఫ్/5.6 దగ్గర సుమారు 7.5 మైక్రాన్లు, ఎఫ్/16 దగ్గర 21. ఆ 21 అనేది చివరి అంచు దాకా కొలిచింది, వెలుగు ఎక్కువగా మధ్యలోనే గుమిగూడి ఉంటుంది కాబట్టి మన పై లెక్కలో వాడాలంటే ఎఫ్/16కి ఓ 9 మైక్రాన్లు వేసుకోవచ్చు. అది పెట్టి చూస్తే 24కి 10.8, 61కి 9.8. లాభం 30 శాతం నుంచి 10 దగ్గరికి పడిపోయింది, అదీ చెయ్యి అసలు వణక్కుండానే. అలాగని ఎఫ్/16 వాడొద్దని చెప్పకండి, ముందున్న రాయి నుంచి వెనకున్న కొండ దాకా కావాలంటే వాడాల్సిందే, ఫోకస్ లేని రాయి కంటే కొంచెం మెత్తబడిన రాయి నయం. ఏం పోగొట్టుకుంటున్నామో తెలిసి వాడాలంతే.

ఇక ఫోటోలు ఎలా తియ్యాలో చెప్తా, ఒక గంట పని. న్యూస్‌పేపర్ పేజీని గోడకి నాలుగు మూలలా టేపుతో చదునుగా అతికించండి, 50 మిల్లీమీటర్ల లెన్స్ అయితే మూడు మీటర్ల దూరంలో ట్రైపాడ్. ఫుల్‌ఫ్రేమ్ 24లో ఆ దూరం నుంచి ఒక్కో పిక్సెల్ కాగితం మీద 0.35 మిల్లీమీటర్లు చూస్తుంది, అంటే వార్తల్లోని చిన్న అక్షరం కొన్ని పిక్సెల్సే ఎత్తు ఉంటుంది, చదవగలిగీ చదవలేని అంచున ఉంటుంది, మనకి కావాల్సింది సరిగ్గా అదే. తెలుగు పేపరైతే ఇంకా మంచిది, 'ప'కి 'ఫ'కి మధ్య తేడా, గుడికి గుడిదీర్ఘానికి తేడా, ఇవి బ్లర్ అవ్వగానే ముందు పోయేవి. హాల్లో వాళ్లని పైకి చదవమనండి, ఎవరికీ చార్టులు అర్థం చేసుకోవాల్సిన పని ఉండదు.

ఐఎస్ఓ 100, రా ఫైల్, రెండు సెకన్ల టైమర్. ఫోకస్ మాత్రం మాన్యువల్‌లో, స్క్రీన్ మీద పూర్తిగా జూమ్ చేసి అక్షరం మీద పెట్టండి, తర్వాత రింగు ముట్టుకోవద్దు. ఎఫ్/1.8లో ఒకటి, ఎఫ్/5.6లో ఒకటి, ఎఫ్/16 లేదా 22లో ఒకటి. తర్వాత చేత్తో పట్టుకుని ఎఫ్/5.6లో 1/15కి ఓ పది తియ్యండి, ఎందుకంటే కొన్ని అదృష్టవశాత్తూ బాగానే వస్తాయి, మధ్యస్థంగా పాడైనదే చూపించండి, మరీ ఘోరంగా ఉన్నది చూపిస్తే "నేనలా తియ్యనులే" అనుకుంటారు. దీనికి మాత్రం కెమెరాలోనూ లెన్స్‌లోనూ స్టెబిలైజేషన్ ఆపెయ్యండి. చివరగా ఎఫ్/1.8లో ట్రైపాడ్‌ని ఫోకస్ మార్చకుండా ఐదు సెంటీమీటర్లు ముందుకి జరిపి ఒకటి. ఈ ఆఖరిది పోర్ట్రెయిట్ తీసేవాళ్ల కోసం: 50 లెన్స్, ఎఫ్/1.8, మూడు మీటర్ల దగ్గర ఐదు సెంటీమీటర్లు తప్పితే ఒక చుక్క 8 మైక్రాన్ల మరకవుతుంది, 24 కెమెరాలో ఒక పిక్సెల్ దాటింది, 61లో రెండు. ఫోకస్ లాక్ చేసి, ఊపిరి పీల్చి, ఒళ్లు కొంచెం ముందుకి వంగితే చాలు ఐదు సెంటీమీటర్లు.

ఇక్కడ మీరు కూడా మోసపోయే చోట్లు రెండు మూడు ఉన్నాయి. ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే ఎఫ్/16 ఫోటోలో ఐఎస్ఓ పెరిగిపోయి, నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ అక్షరాల్ని నున్నగా చేసేసి, మీరు దాన్ని డిఫ్రాక్షన్ అని చూపిస్తారు. జేపెగ్‌లో తీస్తే కెమెరా తనే షార్పెనింగ్ చేస్తుంది కాబట్టి తేడాలు సగం కప్పబడిపోతాయి, రా తీసి అన్నిటికీ ఒకే సెట్టింగ్ పెట్టండి. మూడోది, కొన్ని లెన్సులు అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ పాయింట్ కొంచెం జరుగుతుంది, ఎఫ్/1.8లో పెట్టిన ఫోకస్ ఎఫ్/4లో కొంచెం వెనక్కి పోయినట్టుంటుంది, అనుమానం వస్తే ఎఫ్/5.6 దగ్గర మళ్లీ ఫోకస్ పెట్టి ఇంకోటి తీసి పోల్చుకోండి.

ఈ ముక్కలన్నీ ఉన్నాక టాక్‌లో అన్నిటికంటే పనికొచ్చే భాగం చెయ్యొచ్చు, బ్లర్‌ని చూసి దాని ఊరు పేరు చెప్పడం. చెయ్యి వణుకు బ్లర్‌కి దిక్కు ఉంటుంది, ఫోటోలో మెరిసే చుక్కలుంటే అన్నీ ఒకే వైపు సాగి చిన్న గీతలవుతాయి, అడ్డగీతలు బాగుండి నిలువు గీతలు చెదురుతాయి లేదా దానికి రివర్స్. ఫోకస్ తప్పితే దిక్కుండదు, కానీ ఫోటోలో దానికి కొంచెం ముందో వెనకో ఇంకేదో షార్ప్‌గా ఉంటుంది, కన్ను మసగ్గా ఉండి చెవి బాగుంటే మీకు జవాబు దొరికినట్టే. గోడమీద పేపర్‌లో అది కనపడదు కాబట్టి పేపర్ ముందు ఒక స్కేలుని ఏటవాలుగా పెట్టుకోండి. లెన్స్ బలహీనత అయితే మధ్యలో బాగుండి మూలలకి వెళ్లేకొద్దీ చెడుతుంది, రెండు స్టాపులు మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. డిఫ్రాక్షన్ అయితే మధ్యా మూలా అని లేదు, ఫ్రేమంతా సమానంగా పలచని పొర కప్పినట్టుంటుంది, అందులో ఒక మంచి సంగతి ఏంటంటే షార్పెనింగ్‌కి ఇది బాగానే లొంగుతుంది, వణుకు అంత తేలిగ్గా లొంగదు. ఇంటికెళ్లి వాళ్ల పాత ఫోటోలు తెరిచి ఇవి వెతుక్కోమనండి, అసలు హోంవర్క్ అదే.

రెండో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి, లేకపోతే ఎవరో లేచి మిమ్మల్ని పట్టుకుంటారు. "మెగాపిక్సెల్స్ ఎక్కువైతే వణుకు ఎక్కువవుతుంది" అని చాలామంది అంటారు, అది తప్పు. 100 శాతం జూమ్‌లో చూస్తే అలా కనిపిస్తుంది, ఎందుకంటే 61 ఫోటోని 100 శాతంలో చూడ్డం అంటే అదే ఫోటోని ఇంకా పెద్ద ప్రింట్ చేసి ముక్కు ఆనించి చూడ్డమే. రెండింటినీ ఒకే సైజుకి తెచ్చి పోలిస్తే ఎక్కువ పిక్సెల్స్ ఫోటో ఎప్పుడూ తక్కువదానికంటే హీనంగా ఉండదు, పై లెక్కలో చూశాం కదా 13.4 కంటే 12.6 చిన్నదే. పైగా బట్టల నేత మీద వచ్చే అలల డిజైన్ లాంటి తప్పుడు గీతలు తగ్గుతాయి, పక్షులు తీసేవాళ్లకి క్రాప్ చేసుకునే చోటు దొరుకుతుంది. 6000 పిక్సెల్స్‌ని అంగుళానికి 300 లెక్కన ప్రింట్ చేస్తే 20 అంగుళాలు, అంతకంటే పెద్ద ప్రింట్‌ని దగ్గరగా నిలబడి చూసేవాళ్లు ఉంటే 61 అడగడంలో తప్పేం లేదు. కాకపోతే ట్రైపాడ్, మంచి లెన్స్, మధ్య అపర్చర్ ఈ మూడూ ముందే ఉండాలి.

ఫోన్ ప్రశ్న ఖచ్చితంగా వస్తుంది, "నా ఫోన్‌లో 200 మెగాపిక్సెల్స్ ఉన్నాయి కదా" అని. వాటిల్లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.6 మైక్రాన్లు. లెన్స్ ఎఫ్/1.7 అనుకుంటే, అంత తెరిచి ఉన్నా డిఫ్రాక్షన్ మరక వ్యాసం 2.3 మైక్రాన్లు, అంటే ఒక్క చుక్కే దాదాపు నాలుగు పిక్సెల్స్ వెడల్పున పరుచుకుంటుంది. అందుకే ఆ ఫోన్లు మామూలు మోడ్‌లో అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం పదహారు పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా లెక్కేసి 12.5 మెగాపిక్సెల్స్ ఫోటో ఇస్తాయి. ఎండలో, కదలకుండా పెట్టి 200 మోడ్‌లో తీస్తే కొంచెం ఎక్కువ డీటెయిల్ వస్తుంది, అది కాదనలేం, కానీ 12.5తో పోలిస్తే ఒక్కోవైపు నాలుగు రెట్లు మాత్రం రాదు. అడిగినవాళ్ల ఫోన్‌నే కదలకుండా దేనికైనా ఆనించి రెండు మోడ్లలో ఆ న్యూస్‌పేపర్ తీయించండి, వాదన అక్కడితో ఆగుతుంది.

ఆఖరి మాట ప్రొజెక్టర్ గురించి, నేను మొదటిసారి మర్చిపోయింది ఇదే. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ అంటే 1920 × 1080, మొత్తం 2 మెగాపిక్సెల్స్. మీ 24 ఫోటోని పూర్తిగా స్క్రీన్ నిండా వేస్తే పన్నెండింట ఒక వంతే బయటికొస్తుంది, బాగున్నదీ బాగోనిదీ రెండూ ఒకేలా ఉంటాయి, మీ టాక్ అక్కడే కూలిపోతుంది. కాబట్టి ప్రతి ఫోటోలోంచి 900 × 900 పిక్సెల్స్ ముక్క కట్ చేసి, రెండేసి పక్కపక్కన పెట్టి, సైజు మార్చకుండా చూపించండి. పందెంలోని 12 ఫోటోని మాత్రం ముక్క కట్ చేసే ముందు మళ్లీ 6000 × 4000కి పెంచుకోండి, లేకపోతే అక్షరాలు చిన్నగా పడి గుట్టు బయటపడుతుంది. స్లైడ్ సాఫ్ట్‌వేర్ తనంతట తను ఫోటోల్ని కుదించేస్తుంది కొన్నిసార్లు, ఫోటో వ్యూయర్‌లోనే తెరవండి. ఒక అరగంట ముందెళ్లి ప్రొజెక్టర్‌ని తెరకి ఎదురుగా సరిగ్గా పెట్టి వంకరగా పడ్డ బొమ్మని సరిచేసే కీస్టోన్ సెట్టింగ్ సున్నా చెయ్యండి, ఎందుకంటే కీస్టోన్ పిక్సెల్స్‌ని మళ్లీ పిండి సాగదీస్తుంది, దాని బ్లర్ కూడా మీ లెక్కలో చేరిపోతుంది. ఆ తర్వాత తెర దగ్గరికెళ్లి మౌస్ బాణం గుర్తు అంచు చూస్తూ ప్రొజెక్టర్ ఫోకస్ తిప్పండి, వెనక వరసలోంచి చూసి కాదు.